సుబ్బాయమ్మ గారికి మన పిట్టల గుంపు స్వాగతం

అందరి చేతుల్లోకీ టీ వచ్చిందా? గట్టు చివర ఉన్నవాళ్ళు కాస్త ఇటు జరగండి. గట్టిగా మాట్లాడితే ఆ చెట్ల మీద గూళ్ళు పెట్టుకున్న గూడబాతులు బెదురుతాయి, అందుకని ఇంతే గొంతుతో చెప్తాను. ఇడ్లీలు ఇంకా రెండు డబ్బాలున్నాయి, కంగారేం లేదు.

ఈ ఆదివారం నుంచి సుబ్బాయమ్మ గారు పిట్టల్ని చూసే మన గుంపులో సభ్యురాలు. ఇదేంటి, ఆవిడ జూన్ నుంచీ వస్తూనే ఉన్నారుగా అంటారేమో. వస్తున్నారు, కానీ మనవడు చరణ్‌కి తోడుగా వస్తున్నారు. పదకొండేళ్ళ పిల్లాణ్ణి తెల్లవారుజామున ఒంటరిగా పంపలేక, ఇరవై తొమ్మిదేళ్ళు అంగన్‌వాడీలో పిల్లల్ని చూసుకున్న మనిషి కాబట్టి ఆ బాధ్యత ఎలాగూ వదల్లేక, మంచినీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి గట్టు మీద కూర్చునేవారు. పోయిన వారం తనంతట తనే అడిగారు, "నాయనా, నా పేరు కూడా రాసుకుంటారా" అని. ఆ మాటకి నాకు ఎంత సంతోషం వేసిందో ఇంటికెళ్ళి మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

మొదటి రోజు సంగతి ఆ రోజు రానివాళ్ళ కోసం చెప్పాలి. పొన్నూరు రోడ్డు వైపు పొలాల్లో ఉన్నాం, ఇంకా వానలు పడలేదు, నేలంతా ఎండి బెడ్డలు బెడ్డలుగా ఉంది. మా నెత్తి మీద ఒక పిట్ట ఒకటే అరుపు, దిగుతుంది, లేస్తుంది, మళ్ళీ మా మీదికే వస్తుంది. నేను పిల్లలకి రెడ్ వాటిల్డ్ లాప్‌వింగ్ అని చెప్పి, కళ్ళ ముందు ఆ ఎర్రటి తోలు చూడండి, పసుపు కాళ్ళు చూడండి అంటూ ముందుకు నడిపిస్తున్నాను. వెనక నుంచి ఈవిడ కేకేశారు. "తీతువు నాయనా అది! అటు పోవద్దు, గుడ్లు పెట్టుంటుంది, అందుకే మీద పడుతోంది." ఆగి చూస్తే నా చెప్పుకి రెండడుగుల దూరంలో నాలుగు గుడ్లు. గూడు లేదు, గడ్డి లేదు, వట్టి నేల మీద, చుట్టూ నాలుగు బెడ్డలు, ఆ గుడ్ల రంగూ మచ్చలూ నేలలో కలిసిపోయి ఉన్నాయి. పదేళ్ళుగా ఆ పిట్టని చూస్తున్నాను, దాని కొలతలు తెలుసు, కానీ ఆ అరుపు నాతో ఏం చెప్తోందో ఆ రోజే తెలిసింది.

తర్వాత ఆవిడ చెప్పిన మాట నేను పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. వాళ్ళ నాన్నగారు అరక దున్నేటప్పుడు తీతువు గుడ్లు కనిపిస్తే ఎద్దుల్ని పక్కకి తిప్పి, చాటంత చోటు దున్నకుండా వదిలేసేవారట. రాత్రిపూట ఇంటి మీదుగా తీతువు అరుచుకుంటూ పోతే చెడు జరుగుతుందని ఊళ్ళో అందరూ భయపడేవాళ్ళు, ఆయన మాత్రం "దాని పిల్లల కోసం అది అరుచుకుంటోంది, మీరు పడుకోండి" అనేవారట. మనం ఇవాళ గూళ్ళ దగ్గరికి పోకూడదు, ఫోనులో పిట్టల కూతలు పెట్టి వాటిని పిలవకూడదు, గూడు ఎక్కడుందో అందరికీ చెప్పకూడదు అని నియమాలు రాసుకున్నాం. ఆ రైతు ఎవరూ రాయకుండానే అది పాటించాడు.

ఇలాంటి మనుషుల మాట ఎంత విలువైందో మన కలివి కోడి కథే చెప్తుంది. 1900 తర్వాత దాన్ని చూసినవాళ్ళు లేరు, ఇక లేదనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో అది మళ్ళీ దొరికింది. దొరికింది ఎలా? వెతుకుతున్న శాస్త్రవేత్తలు అక్కడివాళ్ళని అడిగారు, దాన్ని గుర్తుపట్టగలిగిన ఊరి మనిషి ఒకాయన రాత్రిపూట పట్టి తెచ్చి చూపించాడు. బయటి ప్రపంచానికి ఎనభై ఆరేళ్ళు కనబడకుండా పోయిన పిట్ట అక్కడివాళ్ళకి పేరుతో సహా తెలుసు.

చరణ్, నువ్వు నవ్వకు, నీ సంగతి కూడా వస్తుంది.

ఆగస్టులో తాటిచెట్ల దగ్గర గిజిగాళ్ళని చూశాం గుర్తుందా? సగం అల్లి వదిలేసిన గూళ్ళు ఎందుకన్ని ఉన్నాయని చరణ్ అడిగాడు. మగపిట్ట సగం అల్లి ఆడపిట్టకి చూపిస్తుంది, నచ్చితేనే పూర్తి చేస్తుంది, నచ్చకపోతే ఇంకోటి మొదలుపెడుతుంది అని నేను చెప్పాను. గూట్లో దీపం కోసం మిణుగురుల్ని బంకమట్టిలో అతికిస్తుందని చిన్నప్పుడు మనందరం విన్నదే, అదీ చెప్పాను. అప్పుడీవిడ, "నేను చిన్నప్పుడు రాలిపడ్డ గూళ్ళు చాలా విప్పి చూశాను, మట్టి ఉంటుంది గానీ మిణుగురు ఒక్కటీ కనబళ్ళేదు" అన్నారు. ఊరంతా చెప్పే మాటని తన కళ్ళతో చూసుకున్నాకే నమ్మే అలవాటు ఎనిమిదేళ్ళ వయసులోనే ఉందన్నమాట. అలాంటి మనిషి మన గుంపులో లేకపోతే ఇంకెక్కడ ఉండాలి?

మన లిస్టు పుస్తకంలో ఎడమవైపు ఇంగ్లీషు పేరు, కుడివైపు తెలుగు పేరు రాయాలని గీతలైతే ఎప్పుడో గీసుకున్నాం, కానీ కుడివైపు చాలా వరకు ఖాళీగానే ఉండేది. జూన్ నుంచి ఇప్పటివరకు అందులో నలభై మూడు పేర్లు చేరాయి. లకుముకి, జెముడుకాకి, నీటికాకి లాంటివి మనకీ తెలుసు, మిగతావి చాలావరకు ఆవిడ చెప్పినవే. నాకు అంతకన్నా నచ్చింది ఏంటంటే, తెలియని పిట్ట వస్తే "ఇది మా వైపు చూళ్ళేదు, పేరు తెలీదు" అంటారు. ఊహించి చెప్పరు. ఆ గడి అలాగే ఖాళీగా ఉంటుంది, ఉండనిద్దాం.

మన వైపు నుంచి ఆవిడకి ఇచ్చింది ఒకటుంది. కంటి ఆపరేషన్ అయ్యాక ఇంక దూరం వస్తువులు నాకెందుకులే అనుకున్నారట. ఈ పొద్దున బైనాక్యులర్స్ సరిచేసి ఇస్తే గూడబాతు పై ముక్కు మీద వరసగా ఉన్న చుక్కలు చూసి, "చరణ్, దీనికి చుక్కలున్నాయి రా!" అని మనవడి చెయ్యి పట్టుకుని ఊపేశారు. వాడు ఆ చుక్కలు నవంబర్‌లోనే చూశాడు. అయినా "ఎక్కడ అమ్మమ్మా" అని మళ్ళీ చూశాడు. మంచి పిల్లాడివిరా.

అమ్మా, ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది, నాలుగు రోజులు, ప్రపంచమంతా ఎవరి ఊళ్ళో వాళ్ళు పిట్టల్ని లెక్కపెడతారు. పావుగంట కూర్చుని చూసినా చాలు. ఈసారి మీ పుట్టినూరి చెరువు దగ్గర లెక్కపెడదాం, మీరే దారి చూపించాలి, మేమంతా మీ వెనక నడుస్తాం. నాన్నగారి పొలం ఇప్పుడెవరి చేతుల్లో ఉన్నా ఆ గట్టు మీద ఒకసారి నిలబడాలని నాకుంది.

సరే, గ్లాసులు ఎత్తండి. చప్పట్లు మాత్రం వద్దు, పిట్టలు లేస్తాయి. మన సుబ్బాయమ్మ గారికి, తీతువు గుడ్ల కోసం అరక పక్కకి తిప్పిన వాళ్ళ నాన్నగారికి!

ఇదిగోండమ్మా, పుస్తకం, పెన్ను. ఇవాళ్టి లిస్టు మీరు రాయండి. తెలుగు పేరు ముందు రాయండి, ఇంగ్లీషుది చరణ్ చెప్తాడు.