నాలుగు మిల్లీమీటర్లు ఎటు పోయాయి?

అక్కా నేనూ పందెం వేసుకుని రెండు వానమాపకాలు చేశాం. ఒకే రకం ప్లాస్టిక్ సీసాలు, పైభాగం కోసి గరాటులా తిరగేసి పెట్టాం. అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, సీసా గోడలు నిటారుగా మొదలయ్యే దాకా నీళ్లు పోసి, అక్కడి నుంచి కొలత. తను కాగితం మీద గీతలు గీసుకుని అతికించింది. నాకంత ఓపిక లేదు, స్కేలే అతికించేశా.

నాది గోడ పక్కన పెట్టా, గాలికి పడిపోకుండా. తనది పెరడు మధ్యలో.

మొదటి వాన. తనది 19, నాది 11.

"నీ సీసా కారుతోందిరా."

"నీదే ఎక్కువ చూపిస్తోందేమో!"

కాసేపు అరుచుకున్నాక అక్క ఒక మాట అంది. "చోటు మారుద్దాం. తప్పు సీసాదైతే సీసాతో పాటే వస్తుంది, చోటుదైతే అక్కడే ఉంటుంది."

రెండో వానకి రెండూ 16. నేను ఎగిరి గంతేశా. అక్క మాత్రం మొహం చిట్లించింది. "గోడ పక్కన తక్కువ పడితే ఇప్పుడు నాది తగ్గాలి, నీది పెరగాలి. సమానం ఎందుకయ్యాయి?" నాకైతే సమానం వస్తే చాలు, కానీ తను వదిలే రకం కాదు.

మూడో వానకి రెండింటినీ పెరడు మధ్యలో పక్కపక్కనే పెట్టాం. తనది 13, నాది 9. మళ్లీ టెన్షన్. అక్క ఒకే గ్లాసుతో రెండింట్లో సమానంగా నీళ్లు పోసి చూసింది. రెండూ ఒకే ఎత్తు పెరిగాయి, తేడా మాత్రం అదే నాలుగు. అప్పుడు సీసా కళ్ల దగ్గర పెట్టుకుని చూసి పకపకా నవ్వింది.

నా స్కేలు అంచు దగ్గర సున్నా లేదు! అంచుకీ సున్నాకీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. నేనేమో అంచునే నీటి మట్టానికి అతికించా. అంటే నాది ఎక్కడున్నా, ఎంత వాన పడినా నాలుగు తక్కువే. మొదటిసారి దాని మీద గోడ కూడా చేరింది. గాలి గోడ వైపు నుంచి వీచినప్పుడు వాన ఏటవాలుగా పడి గోడ పక్కన కాస్త తప్పిపోతుంది. రెండోసారి గోడ నాలుగు తగ్గించింది, స్కేలు నాలుగు తగ్గించింది, లెక్క సరిపోయినట్టే కనిపించింది. అదే అసలు మోసం.

స్కేలు సరిచేశా. ఇంకేముంది, గెలిచేసినట్టే అనుకున్నా. నాలుగో వానకి తనది 12, నాది 12న్నర.

"వంగి చూడరా, పైనుంచి కాదు. నీళ్లు అంచుల దగ్గర పైకి పాకుతాయి, మధ్యలో కిందకున్న గీత చదవాలి."

వంగి చూశా. 12కి కొంచెం పైన. కొంచెమంటే ఎంతో మళ్లీ గొడవ. చివరికి అక్క నోట్‌బుక్‌లో రెండు అంకెలూ రాసి, పక్కన ఎవరు చదివారో కూడా రాసింది.