చవితి తప్పలేదు, తేదీ మారింది
(యానిమేషన్ వీడియో స్క్రిప్టు, 2026)

తెర: గోడకు క్యాలెండర్. చిన్ని స్టూలెక్కి సెప్టెంబరు పేజీ తిప్పుతోంది.

చిన్ని: తాతయ్యా! పోయినేడు వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది కదా. ఈసారి సెప్టెంబరు 14 అని వేశారేంటి?

తాతయ్య: అంతకు ముందేడు సెప్టెంబరు 7. పండగ ఎప్పుడూ భాద్రపద శుద్ధ చవితి నాడే తల్లీ. మారేది ఇంగ్లీషు తేదీ. పద, గుడికెళ్దాం.

తెర: పైనుంచి గుడి. ఇద్దరూ ప్రదక్షిణ చేస్తున్నారు. తాతయ్య తల మీద సూర్యుడు, చిన్ని తల మీద చంద్రుడు.

వ్యాఖ్యాత: భూమి మీద నుంచి చూస్తే ఆకాశంలో సూర్యచంద్రులు ఇలాగే తిరుగుతున్నట్టు కనిపిస్తారు. తాతయ్య రోజుకు ఒక డిగ్రీ నడిస్తే, చిన్ని 13 డిగ్రీలు పరుగెడుతుంది. ఇద్దరూ కలిసిన చోట అమావాస్య ముగుస్తుంది. అక్కడి నుంచి ఎడం 12 డిగ్రీలయ్యేదాకా పాడ్యమి, 24 దాకా విదియ, 36 దాకా తదియ, 48 దాకా చవితి. ఇలా 30 తిథులు దాటి మళ్లీ కలిసేసరికి సుమారు 29న్నర రోజులు.

తెర: చిన్ని ఒకచోట వేగంగా, ఒకచోట నెమ్మదిగా పరుగెడుతోంది. పక్కన గడియారం.

వ్యాఖ్యాత: చంద్రుడు మనకు దగ్గరగా వచ్చినప్పుడు వేగంగా, దూరమైతే నెమ్మదిగా కదులుతాడు. అందుకే ఒక తిథి 19 గంటల్లోనే అయిపోవచ్చు, ఇంకొకటి 26 గంటలు సాగవచ్చు. అర్ధరాత్రి మొదలవ్వాలనీ లేదు, సూర్యోదయానికే రావాలనీ లేదు.

చిన్ని: మరి ఒక తిథి రెండు తేదీల్లో ఉంటే?

తాతయ్య: అక్కడే అందరికీ టెన్షన్! ఉగాదికి సూర్యోదయానికి ఉన్న పాడ్యమి చూస్తాం. వినాయక చవితికి మధ్యాహ్నం చవితి ఉండాలి. దీపావళికి సాయంత్రం అమావాస్య ఉండాలి. ఈ ఏడు సెప్టెంబరు 14న పొద్దున ఏడు దాటాక చవితి వస్తుంది, 15న ఏడు దాటాక వెళ్లిపోతుంది. 15న సూర్యోదయానికి చవితే ఉన్నా, మధ్యాహ్నం దొరికేది 14నే. పూజ ఆ రోజే.

తెర: రెండు దారాలు. ఒకటి 365, ఇంకొకటి 354.

వ్యాఖ్యాత: పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులే. ఏటా 11 రోజులు తరుగు. 2024 సెప్టెంబరు 7 నుంచి 2025 ఆగస్టు 27కు పండగ జరిగింది సరిగ్గా అంతే. అలాగే వదిలేస్తే ఉగాది చలికాలంలోకి జారిపోతుంది, పచ్చడికి వేపపువ్వు ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే మన పెద్దలు సూర్యుడు కొత్త రాశిలోకి అడుగుపెట్టని చాంద్రమాసాన్ని అధికమాసం అన్నారు. సుమారు 32, 33 నెలలకొకటి వస్తుంది. ఎంత అందమైన సర్దుబాటో! ఈ ఏడు అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా. ఆ నెల చేరడంతో చవితి 18 రోజులు వెనక్కి జరిగింది.

చిన్ని: సంక్రాంతి మాత్రం కదలదేం?

తాతయ్య: అది సూర్యుడి పండగ. తిథితో పనిలేదు.

చిన్ని: (వేళ్లు లెక్కపెడుతూ) అయితే వచ్చే ఏడు చవితి మళ్లీ ముందుకొస్తుంది. సెప్టెంబరు మొదట్లోనా?

తెర: క్యాలెండర్‌లో 2027 సెప్టెంబరు 4 గడిలో చిన్ని మట్టి వినాయకుణ్ణి గీస్తోంది.