ఆత్మకూరు నుంచి చెన్నై: నవంబరు 18, 19 ప్రయాణం

పెదనాన్నా,

మీరు పంపిన రెండు స్క్రీన్‌షాట్‌లూ చూశాను. బస్సుల పట్టికలో వేళలు బాగానే కనిపిస్తున్నాయి. రైళ్ళ పట్టికలో మీరు వేలితో గీసిన గుండ్రం ఒక అంకెను మింగేసింది, దాన్ని విడిగా సరిచూసుకున్నాను. కంటి డాక్టరు దగ్గరకు చెన్నై వెళ్ళి రావడానికి, రెండూ కలిపి ఏది ఎక్కాలో, ఎక్కడ ఎంతసేపు చేతిలో ఉంటుందో రాస్తున్నాను. పెద్దమ్మకు చదివి వినిపించండి. దారిలో వేళలు ఆవిడకే బాగా గుర్తుంటాయి.

బుధవారం (18) వెళ్ళడం:

7:20 – ఆత్మకూరు బస్టాండులో బస్సు
8:50 – నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండు
9:10 – ఆటోలో రైల్వేస్టేషన్, ప్లాట్‌ఫారం మీద
10:14 – రైలు బయలుదేరుతుంది
13:30 – చెన్నై సెంట్రల్

ప్లాట్‌ఫారం మీద గంటకు పైగా కూర్చోవాలి. ఎనిమిది గంటల బస్సు ఉండగా ఇదంతా దేనికని మీరు అడుగుతారని తెలుసు. ఆ బస్సు 9:30కి నెల్లూరు చేరుతుంది, ఆటో ప్రయాణం, ప్లాట్‌ఫారం వెతుక్కోవడం కలిపి 9:50 అవుతుంది. కాగితం మీద ఇంకా 24 నిమిషాలు మిగులుతాయి కానీ, బుచ్చిరెడ్డిపాళెంలో ఒక్క లారీ అడ్డం తిరిగితే అవి అక్కడే కరిగిపోతాయి. 7:20 బస్సు రాకపోయినా, నిండిపోయి ఆగకపోయినా వెనకాల 8 గంటల బస్సు ఉంటుంది. అంటే ఎనిమిది గంటల బస్సు మనకు రెండో ఆధారం. దాన్నే మొదటి ఆధారం చేసుకుంటే వెనకాల ఇంకేమీ ఉండదు. నవంబరు కదా, ఆ ముందు రోజు రాత్రి వాన గట్టిగా పడితే 6:40 బస్సుకే వెళ్ళండి. మీరు ఎలాగూ తెల్లవారుజామునే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడతారు కాబట్టి అదేమీ కష్టం కాదు.

బస్సుల పట్టికలో 5:15 అని ఇంకొకటి ఉంది. దాన్ని చూసి నాలుగున్నరకే లేవకండి. అది ఉదయగిరిలో బయలుదేరే వేళ. ఆత్మకూరు మధ్యలో వచ్చే ఊరు, మన ఊరి వేళ ఆ పట్టికలో లేదు. అందుకే ఆత్మకూరులోనే బయలుదేరే బస్సులను మాత్రమే లెక్కలోకి తీసుకున్నాను. నెల్లూరులో ప్రధాన బస్టాండు దాకా వెళ్ళకండి, ఆత్మకూరు బస్టాండులోనే దిగి ఆటో మాట్లాడుకోండి. పెద్దమ్మకు స్త్రీశక్తి పథకం కింద ఆ బస్సులో టికెట్ ఉచితం. అయినా కండక్టర్ సున్నా టికెట్ ఇస్తాడు, తీసుకోండి. ఆధార్ కార్డు సంచి అడుగున కాకుండా చేతికందేలా పెట్టుకోమనండి.

రైళ్ళ పట్టికలో మీకు నచ్చిన 9:05 బండిని పక్కన పెట్టాను. అది గంట ముందే చేరుస్తుంది, నిజమే. కానీ పేరు కింద M T W T F S S అని వరుసగా ఉన్న అక్షరాల్లో మూడోది, అంటే W, వెలిసిపోయి ఉంది. బుధవారం ఆ బండి లేదు. ఇంకొక బండి చివర MS అని ఉంది, అది ఎగ్మోర్. మనకు కావలసింది MAS, చెన్నై సెంట్రల్. బావ వచ్చి నిలబడేది అక్కడే. ఎగ్మోర్‌లో దిగితే మీరొక చోట, బావ ఒక చోట అవుతారు. మీ టికెట్ మీద NLR నుంచి MAS అనే ఉంది, చూశాను.

గూడూరు దగ్గర బండి పది, ఇరవై నిమిషాలు వెనకబడి ఉంటే కంగారు పడకండి. ఆఖరి స్టేషనుకు ముందు వేళల పట్టికలోనే కొంత సమయం అదనంగా వేసి ఉంచుతారు, చాలాసార్లు అక్కడ సర్దుకుంటుంది. సెంట్రల్‌కు ముందు బేసిన్ బ్రిడ్జి దగ్గర ఊరికే ఆగడం కూడా మామూలే. అందరూ సంచులు దించుకుని తలుపు దగ్గర తోసుకుంటారు, మీరు మాత్రం లేవకండి. అక్కడ దిగేది లేదు.

ఒకవేళ నెల్లూరులో బండి తప్పిపోతే, స్టేషనులో తర్వాతి రైలు కోసం చూడకుండా ప్రధాన బస్టాండుకు వెళ్ళి చెన్నై బస్సు ఎక్కండి. అది మాధవరం దగ్గర ఆగుతుంది, సెంట్రల్ దాకా రాదు. బస్సు ఎక్కగానే బావకు ఆ మాట చెప్పండి. డాక్టరును చూసేది గురువారం ఉదయం కాబట్టి సాయంత్రానికి చేరినా నష్టం లేదు. ఒక రోజు ముందు బయలుదేరమన్నది ఇందుకే.

గురువారం (19) తిరుగు ప్రయాణం:

9:30 – కంటి డాక్టరు
13:00 – బయటపడతారని నా లెక్క
15:45 – సెంట్రల్ స్టేషనులో
16:25 – రైలు బయలుదేరుతుంది
19:05 – నెల్లూరు
19:25 – ఆటోలో నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండు
20:30 – బస్సు
22:00 – ఆత్మకూరు

కంట్లో చుక్కలు వేశాక కొన్ని గంటల దాకా మీకు దగ్గరి అక్షరాలు మసకగానే ఉంటాయి, ఎండ గుచ్చుతుంది. అందుకే 14:10 బండి వద్దన్నాను. ఆసుపత్రిలో గంట ఆలస్యమైతే పరుగు పెట్టాలి, అదీ బోర్డులు కనిపించని కళ్ళతో. ప్లాట్‌ఫారం నెంబరు చదివే పని ఆ రోజు పెద్దమ్మది.

నెల్లూరులో 19:40 బస్సు దొరికితే ఎక్కేయండి, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. రైలు పావుగంట ఆలస్యమైనా అది పోతుంది. 20:30 మనది. ఆ తర్వాత 21:15 ఉంది, అదే ఆఖరు. నెల్లూరు చేరేసరికి గంటన్నర ఆలస్యమైనా, అంటే 20:35 అయినా, ఆఖరి బస్సు అందుతుంది. దారిలో చూడవలసిన గుర్తు గూడూరు. అక్కడ బండి 18:27కి బయలుదేరాలి. ఎనిమిదైనా గూడూరు దాటకపోతే నాకు ఫోను చేయండి, నెల్లూరు స్టేషను బయట కారు సిద్ధంగా ఉంచుతాను. అప్పుడిక బస్టాండుకు పరుగెత్తకండి.

రాత్రి 22:10 బండిలో బెర్తులు ఖాళీగా ఉన్నాయని రాశారు. ఖాళీగా ఎందుకు ఉంటాయో పట్టికలోనే ఉంది. నెల్లూరు వేళ 00:45 అని ఉండి, పక్కన చిన్న అక్షరాల్లో 2వ రోజు అని ఉంది. గురువారం రాత్రి ఎక్కితే ఆ అర్ధరాత్రి దాటాక, అంటే శుక్రవారం తెల్లవారకముందే దిగుతారు. ఆత్మకూరుకు మొదటి బస్సు 4:50కి. నాలుగు గంటలు, అదీ కంటికి మందు వేసుకున్న మనిషి, బెంచీ మీద కూర్చోవలసిన పని లేదు.

మంగళవారం రాత్రే పాత చీటీలు, కళ్ళద్దాలు, రైలు టికెట్ ఒకే సంచిలో పెట్టేయండి. బుధవారం ఆరు గంటలకు నేను 139కి ఫోను చేసి బండి సరైన వేళకే నడుస్తోందో లేదో కనుక్కుని మీకు చెబుతాను. ఏదైనా మారితే 6:40, 7:20, 8:00 బస్సుల్లో ఏది ఎక్కాలో అప్పుడే చెబుతాను. నా ఫోను రాకపోతే 7:20 బస్సే.