గీత గీసిన పదాలు: భాషాభాగాలు (ఎనిమిదో తరగతి, వర్క్‌షీట్ జవాబులు)

ప్రశ్న: గీత గీసిన పదాలు ఏ భాషాభాగాలో రాయండి. రెండుసార్లు వచ్చిన పదం గురించి కారణం కూడా రాయండి.

1. మా వీధి చివర _పెద్ద_ రావిచెట్టు ఉంది.
2. ఆ చెట్టు తగవు తీర్చడానికి ఊరి _పెద్ద_ వచ్చాడు.
3. _ఆయన_ ఇద్దరి మాటా విన్నాడు.
4. _అయ్యో_, అప్పటికే రెండు కొమ్మలు కొట్టేశారు!
5. జనం గట్టు మీద చేరి _గొణుక్కున్నారు_.

జవాబులు

ముందు తేలికైనవి. 3లో ‘ఆయన’ సర్వనామం, ఊరి పెద్దకు బదులుగా వచ్చింది. 4లో ‘అయ్యో’ అవ్యయం. దానికి లింగం, వచనం, విభక్తి ఏవీ అంటవు. 5లో ‘గొణుక్కున్నారు’ క్రియ.

ఇక ‘పెద్ద’. 1లో విశేషణం, 2లో నామవాచకం. చాలామంది రెండుచోట్లా విశేషణం అనే రాస్తారు. ‘పెద్ద అంటే గుణమే కదా’ అని వాళ్ల వాదన. కానీ పదాన్ని విడిగా పట్టుకుని అర్థం చూస్తే ఇది తేలదు. వాక్యంలో అది ఏ పని చేస్తోందో చూడాలి.

మొదటి వాక్యంలో ఉన్నది ఏమిటి? రావిచెట్టు. అది ఎలాంటిదో ‘పెద్ద’ చెబుతోంది. రెండో వాక్యంలో వచ్చింది ఎవరు? పెద్ద. ‘వచ్చాడు’కి కర్త అదే. అది వర్ణించడానికి పక్కన ఇంకో నామవాచకమే లేదు.

అనుమానం తీరకపోతే బహువచనం చేసి చూడండి. ‘ఊరి పెద్దలు వచ్చారు’ అంటాం. ‘లు’ నేరుగా ‘పెద్ద’కే తగిలింది. విభక్తీ అంతే: పెద్దకు, పెద్దను, పెద్దతో. మొదటి వాక్యంలో మాత్రం ‘పెద్ద రావిచెట్లు’ అవుతుంది. మారింది చెట్టు, ‘పెద్ద’ కదల్లేదు. ‘పెద్దలు రావిచెట్లు’ అని ఎవరూ అనరు. తెలుగులో విశేషణం వెనకాల నామవాచకానికి ఎన్ని ప్రత్యయాలు చేరినా తన రూపం మార్చుకోదు.

ఇంకో పరీక్ష నాకు ఎక్కువ నచ్చుతుంది. పదాన్ని వాక్యం చివర పెట్టండి. ‘ఆయన ఈ ఊరికి పెద్ద’ సరిగ్గా ఉంది. ‘ఈ చెట్టు పెద్ద’ మాత్రం వెలితిగా వినిపిస్తుంది, ‘పెద్దది’ అనాల్సిందే. విశేషణానికి ఒంటరిగా నిలబడే బలం లేదు కాబట్టి ‘ది’ చేర్చి నామంగా మార్చుకుంటున్నాం.

మార్కుల సంగతి: ‘రెండో వాక్యంలో అర్థం మారింది కాబట్టి’ అని మాత్రమే రాస్తే సగం మార్కే. మొదటిది చెట్టును వర్ణిస్తోంది, రెండోది కర్తగా ఉంది అని రెండూ రాయాలి.

ఇంటిపని: ‘చేదు’ మీద ఇదే పరీక్ష చేయండి.

అ) ఆమె _చేదు_ మందు మింగింది.
ఆ) ఎంత బెల్లం వేసినా కాకర _చేదు_ పోలేదు.