మ్యూజిక్ క్లబ్‌లో మెంబర్‌షిప్ కోసం, ఒక మృదంగం స్టూడెంట్ నుంచి

విశాఖపట్నం

ఆంధ్రా యూనివర్సిటీ మ్యూజిక్ క్లబ్ కోఆర్డినేటర్ గారికి, క్లబ్‌లో ఉన్న అక్కలకీ అన్నలకీ నమస్కారం.

నా పేరు శ్రావణి. మన యూనివర్సిటీలోనే బీటెక్ ఈసీఈ సెకండియర్, మాది విజయనగరం, ఇక్కడ లేడీస్ హాస్టల్లో ఉంటున్నా. ఆరో క్లాసు నుంచి మృదంగం నేర్చుకుంటున్నానండి. నన్ను మీ క్లబ్‌లో చేర్చుకోమని అడగడానికే ఈ లెటర్. నోటీస్ బోర్డులో పేరు, బ్రాంచి, ఏ వాయిద్యం అన్నది రాసి ఇమ్మన్నారు కానీ రెండు లైన్లలో రాస్తే నేను ఏం నేర్చుకున్నానో, ఎందుకు రావాలనుకుంటున్నానో మీకు తెలీదనిపించి కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా ఊళ్లో మ్యూజిక్ కాలేజీ 1919 నుంచి ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. అందుకేనేమో అక్కడ పిల్లల్ని సంగీతానికి పంపడం పెద్ద విశేషమేం కాదు. కాకపోతే ఆడపిల్లలంటే గాత్రం, వీణ, వయొలిన్ అంటారు, మృదంగం అంటే మాత్రం ఒకసారి ఆగి చూస్తారు. మా అమ్మ ఏమీ ఆలోచించలేదు, నేను అడిగితే తీసుకెళ్లి మాస్టారి దగ్గర కూర్చోబెట్టేసింది. దండమూడి సుమతి గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో ఎంత సంబరమో, మృదంగంలో ఒక తెలుగావిడకి అంత గౌరవం దక్కిందంటే నాకు దారి ఉన్నట్టే కదా అనిపించింది.

ఇక ట్రైనింగ్ గురించి. మాస్టారు మొదట్లో చాన్నాళ్లు మృదంగం ముట్టుకోనివ్వలేదు, అంతా నోటితోనే. త ధి తొం నం, చేత్తో తాళం వేసుకుంటూ ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం. తకిట, తకధిమి, తకతకిట, అలా తిశ్రం చతురశ్రం ఖండం మిశ్రం సంకీర్ణం అన్నీ నోటికి వచ్చాకే చేతికి ఇచ్చారు. నోట్లో తడబడేది చేతిలో సరిగ్గా రాదమ్మా అనేవారు, ఇప్పటికీ కొత్త పాఠం ఏదైనా ముందు చెప్పుకునే వాయిస్తా. ఆ తర్వాత ఒక్కో దెబ్బ. "నం" ఒక్కటి సరిగ్గా పలకడానికే నాకు చాలా టైం పట్టింది, ఉంగరం వేలు కరణి అంచు మీద ఆనీ ఆననట్టు ఉండాలి, చూపుడు వేలు మీటు మీద పడి వెంటనే లేచిపోవాలి, ఉంగరం వేలు కాస్త గట్టిగా నొక్కితే నాదం చచ్చిపోతుంది, పూర్తిగా ఎత్తేస్తే శ్రుతి తేలదు. ఎడం చేతి గుంకీ ఇంకా కష్టం, అది ఇప్పటికీ రోజూ విడిగా సాధన చేస్తూనే ఉన్నా.

ఆది, రూపకం, మిశ్రచాపు, ఖండచాపు, ఈ నాలుగు తాళాల్లో పాటకి వాయించగలను, చిన్న తని కూడా వాయిస్తా. మొహ్రా, ముక్తాయింపులు నేర్చుకున్నా, సులువైన ముక్తాయింపులు సొంతంగా కట్టుకోగలను కూడా. ఉదాహరణకి ఆదితాళంలో చివరి నాలుగు అక్షరాలకి 16 మాత్రలు కదా, మొదటి మాత్ర వదిలేసి తదిగిణతొం మూడుసార్లు వాయిస్తే 15, సరిగ్గా సమానికి వచ్చి పడుతుంది. మాస్టారు ఇలాంటివి లెక్క చెప్పకుండా నన్నే కట్టుకు రమ్మనేవారు, మ్యాథ్స్ మీద ఇష్టం కూడా నాకు అక్కడే మొదలైంది. సర్టిఫికెట్ పరీక్ష పాసయ్యా, డిప్లొమాకి ప్రిపేర్ అవుతున్నా.

కానీ అసలు విషయం ఇది కాదండి. మృదంగం పక్కవాద్యం. ఒక్కదాన్నే హాస్టల్ టెర్రస్ మీద కూర్చుని ఎన్ని పాఠాలు సాధన చేసినా అది సగమే. పాడేవాళ్లు పల్లవిలో ఒక సంగతి తర్వాత ఇంకో సంగతి వేస్తుంటే ఎక్కడ నిండుగా వాయించాలి, ఎక్కడ చెయ్యి తీసేసి వాళ్లని పాడనివ్వాలి, అనుపల్లవి ఎత్తుకునే ముందు ఎలా అప్పగించాలి, ఇవి పాట పక్కన కూర్చుంటేనే వస్తాయి. ఊళ్లో ఉన్నప్పుడు శ్రీరామనవమి పందిళ్లలో, త్యాగరాజ ఆరాధనలో గోష్ఠి గానానికి పెద్దవాళ్ల పక్కన కూర్చుని వాయించేదాన్ని, పంచరత్నాలు అయిదూ ఆదితాళమే అయినా ఒక్కోదాని నడక ఒక్కోలా ఉంటుంది, ఆ తేడా వింటూ వింటూనే తెలిసింది. విశాఖ వచ్చాక అది ఆగిపోయింది. నాకు మీ దగ్గర కావాల్సింది స్టేజీ కంటే ముందు పాడేవాళ్లు. రిహార్సల్‌కి ఎవరు పాడుతున్నా సరే, వర్ణం మొదటిసారి నేర్చుకుంటున్న ఫస్టియర్ అమ్మాయికైనా సరే, ఎంతసేపైనా పక్కన కూర్చుని వాయిస్తా.

క్లబ్‌లో ఎక్కువగా గిటారు, కీబోర్డు, లైట్ మ్యూజిక్ నడుస్తాయని మా సీనియర్ అక్క చెప్పింది. నాకు అదీ ఇష్టమే. కాకపోతే ఒక మాట ముందే చెప్పాలి, మృదంగానికి శ్రుతి కట్టేసి ఉంటుంది, మధ్యలో పాట స్కేలు మారిస్తే నేను మార్చలేను. నా దగ్గర ఉన్నది అయిదు శ్రుతి, అంటే కీబోర్డు మీద జీ. ఆడవాళ్ల పాటకి బాగా సరిపోతుంది, ఒకటీ ఒకటిన్నర శ్రుతిలో పాడే అన్నయ్యలకి తగ్గు శ్రుతి మృదంగం వేరే కావాలి, క్లబ్‌లో అలాంటిది ఉందేమో తెలుసుకోవాలనుంది. పాతది మూతలు పాడైపోయి మూలన పడి ఉన్నా చెప్పండి, విజయనగరంలో మూతలు వేసే ఆయన తెలుసు, సెలవులకి వెళ్లినప్పుడు పట్టుకెళ్లి వేయించుకొస్తా.

ఇంకోటి, వాయించే ముందు నాకు ఒక ఇరవై నిమిషాలు టైం కావాలి. ఎడమ మూతకి బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి పెట్టాలి, చపాతీ పిండిలా మెత్తగా ఉండాలి, ఎక్కువైతే నాదం బరువెక్కిపోతుంది, తక్కువైతే డొల్లగా పలుకుతుంది, అయ్యాక మళ్లీ శుభ్రంగా తీసేసి తుడవాలి. కుడి మూతని రాయితో, పుల్లతో అంచు చుట్టూ కొట్టి అన్ని వైపులా ఒకే శ్రుతి పలికేదాకా సరి చేయాలి. మన వైజాగ్ సముద్రపు గాలికి తోలు తేమ పీల్చి శ్రుతి దిగిపోతూ ఉంటుంది, అందుకే ప్రోగ్రాంకి అందరికంటే ముందే వస్తా, ఒక మూల కాస్త నిశ్శబ్దంగా ఉండే చోటు, తంబూరా యాప్ పెట్టుకోవడానికి ఒక ప్లగ్ పాయింట్ ఇస్తే చాలు.

టైమింగ్స్ చూస్తే, ల్యాబ్ ఉన్న రోజుల్లో అయిదు దాటాకే ఖాళీ, శనివారం మధ్యాహ్నం నుంచి, ఆదివారం మొత్తం రాగలను. హాస్టల్ గేటు టైంకి వెళ్లిపోవాలి కాబట్టి రాత్రి రిహార్సల్స్ ఉంటే ముందు రోజు చెప్తే వార్డెన్ మేడమ్ దగ్గర పర్మిషన్ తెచ్చుకుంటా. క్లబ్ రూంలో తాళం వేసే అల్మరా ఏదైనా ఉంటే అందులో మృదంగం పెట్టుకోనివ్వండి, రోజూ మోసుకొచ్చి తీసుకెళ్లడం దానికీ మంచిది కాదు.

ఆడిషన్ ఉంటే తప్పకుండా వస్తా. వీలైతే నన్ను ఒంటరిగా వాయించమనకుండా మీలో ఎవరైనా ఒక కీర్తన పాడండి, పక్కన వాయిస్తా, అప్పుడే నా పని ఏంటో మీకు సరిగ్గా తెలుస్తుంది. సర్టిఫికెట్ జిరాక్స్, ఐడీ కార్డు కాపీ ఈ లెటర్‌తో జత చేశా. ఏ రోజు రమ్మంటారో నోటీస్ బోర్డులో పెట్టినా చాలు, రోజూ చూస్తూ ఉంటా.

ఇట్లు
మీ
శ్రావణి
బీటెక్ ఈసీఈ, సెకండియర్