ఓటాన్ అకౌంట్, సప్లిమెంటరీ, రీఅప్రాప్రియేషన్: పొదిలి ఆఫీసులో కొత్తగా చేరిన మేనకోడలికి

పాపా, ఫోన్లో అడిగావు కదా, మీ సూపరింటెండెంట్ గారు ఈ మూడు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పేసి వెళ్ళిపోయారని, నాకు ఫోన్లో చెప్పడం రాదు, ట్రెజరీలో ఉన్నన్నాళ్ళూ నోట్ ఫైల్ రాసిన చెయ్యి కాబట్టి రాసే చెప్తా, తీరిగ్గా చదువుకో.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకో. గవర్నమెంట్‌లో డబ్బులున్నాయా లేవా అనేది ఒక ప్రశ్న, ఖర్చుపెట్టడానికి పర్మిషన్ ఉందా లేదా అనేది వేరే ప్రశ్న. నువ్వు అడిగిన మూడూ రెండో ప్రశ్నకి సంబంధించినవి. రాష్ట్రానికొచ్చే పన్నులు, అప్పులు అన్నీ పోయి సంచిత నిధిలో పడతాయి, అందులోంచి చట్టం లేకుండా ఒక్క రూపాయి కూడా తియ్యకూడదని రాజ్యాంగం 266వ ఆర్టికల్ చెప్తుంది. ఆ చట్టమే ద్రవ్య వినిమయ చట్టం, మనం ఆఫీసుల్లో అప్రాప్రియేషన్ యాక్ట్ అంటాం. అది ఎన్నాళ్ళకి, ఎంతకి, దేనికి అని మూడు గీతలు గీసి పర్మిషన్ ఇస్తుంది. ఎన్నాళ్ళు అనే చోట ఇబ్బంది వస్తే ఓటాన్ అకౌంట్, ఎంత అనే చోట వస్తే సప్లిమెంటరీ, దేనికి అనే చోట వస్తే రీఅప్రాప్రియేషన్. ఇది పట్టుకుంటే సగం అయిపోయినట్టే.

ఓటాన్ అకౌంట్ సంగతి. మార్చి 31 రాత్రితో పాత పర్మిషన్ చచ్చిపోతుంది, మిగిలిన డబ్బు మిగిలినట్టే ల్యాప్స్. ఏప్రిల్ 1 పొద్దున జీతం బిల్లు పాస్ అవ్వాలంటే కొత్త చట్టం కావాలి. కానీ ఒక్కోసారి బడ్జెట్ పూర్తిగా చర్చించి, ఒక్కో శాఖ పద్దు మీద ఓటేయించి పాస్ చేసే టైం ఉండదు, ఎక్కువగా ఎలక్షన్ల ఏడు అట్ట జరుగుద్ది, దిగిపోయే గవర్నమెంటు రాబోయేవాళ్ళ ఏడాది ఖర్చు మొత్తం తనే తేల్చెయ్యడం బాగోదు కూడా. అందుకని అసెంబ్లీ కొన్ని నెలలకి సరిపడా మాత్రం ముందుగా పర్మిషన్ ఇస్తుంది. రాష్ట్రాలకి ఆర్టికల్ 206, కేంద్రానికి 116. ఉదాహరణకి ఒక హెడ్‌లో, అంటే జీతాలు, కరెంటు లాంటి ఒక రకం ఖర్చు కింద, ఏడాదికి 12 లక్షలు అంచనా వేసుంటే నాలుగు నెలల ఓటాన్ అకౌంట్‌లో సుమారు 4 లక్షలు వస్తాయి. తర్వాత పూర్తి బడ్జెట్ పాసైనప్పుడు ఈ 4 లక్షలు ఆ 12లో కలిసిపోతాయి, విడిగా అదనం కాదు, ఈ పాయింట్ దగ్గర చాలామంది జారుతారు.

మన రాష్ట్రంలో దీనికి ఉదాహరణల కరువు లేదు. 2014 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్రానికి మన నెల్లూరు ఆనం రామనారాయణరెడ్డి గారు పెట్టింది ఓటాన్ అకౌంటే, ముందు ఎలక్షన్లు, పైన రాష్ట్రం చీలబోతోంది, ఇంక పూర్తి బడ్జెట్ ఎక్కడ. (మన వైపు వాళ్ళకి ఆర్థిక శాఖతో ఏదో బంధం ఉందిలే, చీరాల నుంచి గెలిచిన రోశయ్య గారు అయితే 16 బడ్జెట్లు పెట్టారు, అప్పుడు చీరాల మన ప్రకాశంలోదే.) 2024 ఇంకా బాగా గుర్తుపెట్టుకో, పరీక్షల్లో అడిగే రకం. ఫిబ్రవరిలో అప్పటి ఆర్థిక మంత్రి బుగ్గన గారు ఏప్రిల్ నుంచి జులై దాకా నాలుగు నెలలకి ఓటాన్ అకౌంట్ తీసుకున్నారు, జూన్‌లో గవర్నమెంట్ మారింది, జులై అయిపోతున్నా కొత్త బడ్జెట్ రెడీ కాలేదు, అప్పుడు గవర్నర్ ఆర్డినెన్స్ ద్వారా ఇంకో నాలుగు నెలలకి తెచ్చుకున్నారు, చివరికి నవంబర్ 11న పయ్యావుల కేశవ్ గారు సుమారు 2.94 లక్షల కోట్లతో పూర్తి బడ్జెట్ పెట్టారు. అంటే ఏడాదిలో ఏడు నెలలు దాటేదాకా రాష్ట్రం నడిచింది తాత్కాలిక పర్మిషన్ మీదే. కోవిడ్ వచ్చిన 2020లో, మళ్ళీ 2021లో కూడా ఆర్డినెన్సే. చట్టప్రకారం తప్పు కాదు గానీ, అసెంబ్లీలో చర్చ లేకుండా ఖర్చుకి పర్మిషన్ రావడం నాకు మాత్రం నచ్చదు, కోవిడ్ అప్పుడంటే వేరే.

ఇంకో గందరగోళం, టీవీలో మధ్యంతర బడ్జెట్, ఓటాన్ అకౌంట్ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. మధ్యంతర బడ్జెట్ అంటే ఆదాయం, ఖర్చు, అప్పు అన్నీ చూపించే లెక్క, ఓటాన్ అకౌంట్ అంటే అందులో ఖర్చుకి అడిగే ఆ కొన్ని నెలల పర్మిషన్ మాత్రమే. 2024 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ గారు పెట్టింది మధ్యంతర బడ్జెట్, దాంతోపాటు ఓటాన్ అకౌంట్ తీసుకున్నారు, పూర్తిది జులై 23న వచ్చింది. కేంద్రంలో పూర్వం బడ్జెట్ ఫిబ్రవరి ఆఖర్లో పెట్టేవాళ్ళు కాబట్టి మామూలు ఏడాదిలో కూడా రెండు నెలలకి ఓటాన్ అకౌంట్ తీసుకునేవాళ్ళు, 2017 నుంచి ఫిబ్రవరి 1కి జరిపాక ఆ అవసరం తప్పింది. నీ ఆఫీసు వరకు దీని ప్రభావం ఏంటంటే, ఓటాన్ అకౌంట్ నడిచేటప్పుడు కొత్త స్కీములు, కొత్త పనులు మొదలెట్టరు, జీతాలు, కరెంటు బిల్లులు, అద్దెలు, జరుగుతున్న పనులు ఇవే నడుస్తాయి.

సప్లిమెంటరీ. బడ్జెట్ పాసైంది, కానీ ఏడాది మధ్యలో ఆ అంకె చాలలేదు, లేదా బడ్జెట్ రాసేటప్పుడు ఎవరూ ఊహించని ఖర్చు వచ్చింది. 2021 నవంబర్‌లో పెన్నా పొంగింది గుర్తుందా, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినాయి, ఊళ్ళకి ఊళ్ళు నీళ్ళలో. ఆ ఏడాది బడ్జెట్ పెట్టింది మే నెలలో, నవంబర్‌లో వరదొస్తుందని మేలో ఎవరు రాస్తారు? అట్టాంటప్పుడు విపత్తులకి పెట్టిన నిధి ఒకటి ఉంటుంది, మరీ అర్జెంటైతే ఆర్టికల్ 267 కింద ఆకస్మిక నిధి నుంచి అడ్వాన్స్ తీసుకోవచ్చు, కానీ ఆ అడ్వాన్స్‌ని మళ్ళీ అసెంబ్లీ పర్మిషన్ తీసుకుని పూడ్చాలి, దానికీ దారి సప్లిమెంటరీయే. ఆర్టికల్ 205. పద్ధతి అసలు బడ్జెట్‌కి లాంటిదే, పద్దు పెట్టాలి, ఓటేయించాలి, మళ్ళీ ఇంకో ద్రవ్య వినిమయ బిల్లు పాసవ్వాలి, అదీ మార్చి 31 లోపు.

రాష్ట్రంలో సాధారణంగా ఇవి మార్చిలో, వచ్చే ఏడాది బడ్జెట్ సమావేశాల్లోనే పెడతారు. మరి అప్పటిదాకా? ఆర్థిక శాఖ ఇచ్చే జీవోల్లో చూడు, సప్లిమెంటరీ గ్రాంట్ తర్వాత తీసుకుంటారు అనే షరతు మీద అదనపు నిధులు విడుదల చేస్తున్నాం అని ఉంటుంది. అంటే ఖర్చు ముందు, పర్మిషన్ వెనక. అసెంబ్లీ ముందుకి వచ్చేసరికి చాలావరకు అయిపోయిన ఖర్చే ఉంటుంది, సభ్యులు కాదనేదేముంది. ఇంకో విచిత్రం, కొన్ని శాఖలు సప్లిమెంటరీ అడిగి తీసుకుంటాయి, ఏడాది చివర లెక్క చూస్తే అసలు బడ్జెట్టే పూర్తిగా ఖర్చయ్యుండదు, కాగ్ వాళ్ళు రిపోర్టుల్లో ఇట్టాంటి అనవసరపు సప్లిమెంటరీల గురించి రాస్తానే ఉంటారు.

రీఅప్రాప్రియేషన్ మాత్రం నీ టేబుల్ మీదకే వస్తుంది కాబట్టి ఇది కొంచెం ఆగి చెప్తా. డెల్టాలో నీళ్ళు కట్టడం చూసుంటావు, ఒక మడికి ఎక్కువైతే గట్టు తెంచి పక్క మడికి తిప్పుతాం, అది మన చేలోనే అయితే ఎవరూ అడగరు, పక్కోడి చేలోకి కాలువ తెంచితే గొడవ. ఇక్కడ చేను అంటే గ్రాంట్, అసెంబ్లీ ఒక పద్దుకి ఓటేసి ఇచ్చిన మొత్తం అన్నమాట, మన రాష్ట్రంలో దాదాపు 40 ఉంటాయి, మడి అంటే దానిలోపలి హెడ్. ఒక గ్రాంట్ లోపల ఒక హెడ్‌లో మిగిలేది ఇంకో హెడ్‌కి మార్చడానికి అసెంబ్లీకి పోనక్కర్లేదు, అధికారం ఉన్న ఆఫీసరు ఆర్డరిస్తే చాలు, ఎక్కువగా అది ఆర్థిక శాఖ చేతిలోనే ఉంటుంది, శాఖాధిపతులకి కొంత పరిమితి వరకు.

మీ ఆఫీసునే తీసుకుందాం, అంకెలు నేను ఊహించి రాస్తున్నా. కరెంటు, నీటి ఛార్జీల హెడ్ 133లో 4,00,000 ఉంది, నెలకి 40,000 చొప్పున డిసెంబర్ దాకా 3,60,000 అయిపోయింది, మిగిలింది 40,000, ఇంకా మూడు నెలలకి కావాల్సింది 1,20,000, అంటే 80,000 తక్కువ. ప్రయాణ భత్యాల హెడ్ 110లో 2,50,000 ఉంటే ఇప్పటిదాకా 70,000 అయింది, మార్చి లోపు ఇంకో 40,000 అవుతుంది అనుకో, 1,40,000 మిగులు. అందులోంచి 80,000 తీసి 133లో వెయ్యమని అడుగుతావు. గ్రాంట్ మొత్తం అంకె ఒక్క రూపాయి మారలేదు చూడు, అందుకే అసెంబ్లీతో పనిలేదు.

కుదరనివి కూడా ఉన్నాయి. ఒక గ్రాంట్ నుంచి ఇంకో గ్రాంట్‌కి కుదరదు, విద్యాశాఖలో మిగిలింది ఆరోగ్యశాఖకి ఇవ్వలేరు, మంత్రులిద్దరూ ఒప్పుకున్నా సరే. ఓటేసిన ఖర్చుకీ ఛార్జ్డ్ ఖర్చుకీ మధ్య కుదరదు, ఛార్జ్డ్ అంటే గవర్నర్, హైకోర్టు జడ్జీల జీతాలు, అప్పుల వడ్డీల్లాంటివి, వాటి మీద అసెంబ్లీ ఓటేయదు. రోడ్లు, బిల్డింగుల్లాంటి క్యాపిటల్ ఖర్చుకీ, జీతాలు, బిల్లుల్లాంటి రెవెన్యూ ఖర్చుకీ మధ్య కూడా అంతే. మార్చి 31 దాటాక అసలే కుదరదు, అప్పటికి మార్చడానికి ఏమీ మిగలదు. బడ్జెట్‌లో ఊసే లేని కొత్త పనికి కూడా వాడకూడదు, దాన్ని న్యూ సర్వీస్ అంటారు, గ్రాంట్‌లో మిగులు బోలెడుంటే కూడా అసెంబ్లీకి చెప్పి తీరాలి. అప్పుడేం చేస్తారంటే సప్లిమెంటరీలో నామమాత్రంగా చిన్న మొత్తం అడుగుతారు, దాన్ని టోకెన్ గ్రాంట్ అంటారు, సభ ఆ చిన్న మొత్తానికి ఓటేస్తే కొత్త పనికి ఒప్పుకున్నట్టే, అసలు డబ్బు మాత్రం రీఅప్రాప్రియేషన్‌తో గ్రాంట్ లోపలి మిగులు నుంచి వస్తుంది. సప్లిమెంటరీ, రీఅప్రాప్రియేషన్ రెండూ కలిసి పనిచేసే చోటు ఇదొకటి, నాకు చాలా ఇష్టమైనది.

ఇవన్నీ దాటి ఏదైనా గ్రాంట్‌లో ఇచ్చినదానికంటే ఎక్కువ ఖర్చు తేలితే, అది ఎక్సెస్, కాగ్ పట్టుకుంటుంది, పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ఎందుకని అడుగుతుంది, ఆ తర్వాత ఆర్టికల్ 205 కిందే అసెంబ్లీ దాన్ని క్రమబద్ధీకరించాలి, ఏళ్ళు పడుతుంది.

నీ ప్రపోజల్ విషయానికొస్తే, హెడ్ వారీగా ఇచ్చిందెంత, ఇప్పటిదాకా అయిందెంత, మార్చి దాకా కావాల్సిందెంత అని ఒక పట్టీ వేసి, తక్కువ ఎందుకొచ్చింది, మిగులు ఎందుకొచ్చింది రెండింటికీ కారణం రాయి, ఊరికే అవసరం అని రాస్తే వెనక్కొస్తుంది. మిగులు చూపించే హెడ్‌లో పెండింగ్ బిల్లులేమైనా ఉన్నాయేమో ముందు చూసుకో, అక్కడ 80,000 తీసేశాక పాత టీఏ బిల్లు ఒకటి బయటపడితే ఆ హెడ్‌కి మళ్ళీ నువ్వే అడుక్కోవాలి. జనవరిలోనే పంపేయ్, మార్చిలో అందరూ ఒకేసారి పంపుతారు, నీది అడుగున పడిపోద్ది.