పటిక, ఫిల్టర్లు, క్లోరిన్: షిఫ్టు ఆపరేటర్ల పని విధానం

మన ప్లాంటుకు ముడి నీరు ధర్మసాగర్ చెరువు నుంచి వస్తుంది. కింది లెక్కలు గంటకు 500 కిలోలీటర్ల ప్రవాహానికి వేసినవి. ప్రవాహం మారితే లెక్క మళ్లీ వేయాలి.

పటిక

షిఫ్టు ఎక్కగానే ముడి నీటి టర్బిడిటీ, పీహెచ్ చూసి రాయండి. పెద్ద వాన పడ్డ తెల్లారి నిన్నటి డోసు పనికిరాదు, జార్ టెస్ట్ చేయాల్సిందే.

ఆరు జార్లలో లీటరు చొప్పున ముడి నీరు పోసి, 1 శాతం పటిక ద్రావణాన్ని వరుసగా 1 నుంచి 6 మిల్లీలీటర్ల దాకా కలపండి. ఒక మిల్లీలీటరు అంటే లీటరుకు 10 మిల్లీగ్రాముల డోసు. నిమిషం పాటు 100 ఆర్‌పీఎంలో, తర్వాత 20 నిమిషాలు 30 ఆర్‌పీఎంలో తిప్పి, అరగంట కదపకుండా వదిలేయండి. పైనీరు తేటపడ్డ జార్లలో తక్కువ పటిక పడ్డది ఏదో అదే మన డోసు.

30 మిల్లీగ్రాములు తేలిందనుకోండి. గంటకు 15 కిలోల పటిక కావాలి. 10 శాతం ద్రావణమైతే నిమిషానికి రెండున్నర లీటర్లు. పంపు రీడింగ్‌ను నమ్మి ఊరుకోవద్దు. పైపు చివర కొలజాడీ పెట్టి, గడియారం చూసి నిమిషం పట్టండి. పైపులో మడ్డి పేరుకుంటే పంపు తిరుగుతూనే ఉంటుంది, పటిక మాత్రం పడదు.

ఫ్లాక్ కట్టకపోతే వెంటనే పటిక పెంచకండి. ఎక్కువైనా ఫ్లాక్ కట్టదు. ముందు పీహెచ్ చూడండి, 6.5 కంటే తగ్గితే సున్నం కలపాలి.

ఫిల్టర్లు

హెడ్ లాస్ 2 మీటర్లకు చేరినా, ఫిల్టర్ నీటి టర్బిడిటీ 1 ఎన్‌టీయూ దాటినా బ్యాక్‌వాష్ చేయండి. ఇన్‌లెట్ మూసి, నీటిని ఇసుక దగ్గరి దాకా దించి, కొద్ది నిమిషాలు గాలి, ఆ తర్వాత వాష్ నీరు తేటపడే దాకా నీళ్లు. వాష్ వాల్వ్ మెల్లగా తిప్పాలి. ఒక్కసారి తెరిస్తే అడుగు కంకర లేస్తుంది. కడిగాక వచ్చే మొదటి నీరు డ్రెయిన్‌కే, సంపులోకి పోనివ్వద్దు.

క్లోరిన్

లీటరుకు 2 మిల్లీగ్రాముల డోసుకు గంటకు కిలో క్లోరిన్. అరగంట కాంటాక్ట్ టైమ్ తర్వాత సంపు అవుట్‌లెట్ దగ్గర పరీక్షించండి. చిట్టచివరి నల్లాలో కూడా ఫ్రీ క్లోరిన్ కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. అక్కడ తగ్గితే డోసు పెంచండి, సంపు దగ్గరి రీడింగ్ బాగుందని సరిపెట్టుకోవద్దు.

టోనర్ గదిలోకి ఒక్కరే వెళ్లకూడదు. ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. లీకేజీ అనుమానం ఉంటే అమోనియా తడి గుడ్డను జాయింట్ల దగ్గర పెట్టండి, తెల్ల పొగ లేచిన చోటే లీకు. దాని మీద నీళ్లు కొట్టొద్దు, ఆమ్లం పుట్టి లోహాన్ని తినేస్తుంది, రంధ్రం పెద్దదవుతుంది. వాసన గుప్పుమంటే పని వదిలి, గాలికి అడ్డంగా నడుస్తూ ఎత్తైన చోటికి చేరండి. క్లోరిన్ గాలి కన్నా బరువు, పల్లంలో నిలుస్తుంది. బ్రీతింగ్ సెట్ వేసుకున్న శిక్షణ పొందినవాళ్లే మళ్లీ లోపలికి వెళ్లాలి.